ఎక్కే టైము, దిగే టైము

మా వదిన ఇరవై ఎనిమిదేళ్ళు సిటీ బస్సులో కండక్టరు. రిటైరై మూడేళ్ళయినా మెడలో ఈల అలాగే ఉంది. కూరలకు వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా ఆ ఈల ఉండాల్సిందే. కాలనీలో ఆవిడ అసలు పేరు ఎవరికీ పట్టదు, అందరికీ కండక్టరమ్మే.

నేను ఆవిడకు మరిదిని. అచ్చాఫీసులో ముప్ఫయ్యేళ్ళు ప్రూఫులు దిద్దాను కాబట్టి నాకు తెలుగు బాగా వచ్చునని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే కాలనీ సంఘానికి కార్యదర్శినయ్యాను. నోటీసులన్నీ నేనే రాస్తాను. వాటిని ఎవరైనా చదువుతున్నారా అని ఎన్నడూ అనుమానించలేదు. అక్కడే నా కొంప మునిగింది.

సంగతేమిటంటే, కంటి ఆసుపత్రి వాళ్ళు మా కమ్యూనిటీ హాల్లో ఒక ఆదివారం ఉచితంగా పరీక్షలు చేస్తామన్నారు. డాక్టర్లు, నర్సులు, యంత్రాలు అన్నీ వాళ్ళవే. పేర్లు రాయడానికి, టోకెన్లు ఇవ్వడానికి, వరస చూడడానికి, కంట్లో చుక్కలు వేయించుకున్నవాళ్ళను చెయ్యిచ్చి నడిపించడానికి మాత్రం మనుషుల్ని మేమే ఇవ్వాలి. పూటకు పన్నెండు మంది చొప్పున ఇరవై నలుగురు. వాళ్ళకు శనివారం నర్సు వచ్చి పని నేర్పి, కళ్ళు కూడా చూస్తుందన్నారు. గురువారం సాయంత్రం ఐదింటికల్లా ఎవరు ఏ పూట, ఏ పని అన్నది రాసి పంపాలి. లేకపోతే ఆ ఆదివారం పక్క కాలనీకి ఇచ్చేస్తామని ఆసుపత్రి కోఆర్డినేటరు అమ్మాయి ఫోన్లో మర్యాదగానే చెప్పింది.

ఆ ఆదివారం పోతే కాలనీకి నష్టమే. కానీ నా గుండెల్లో రాయి పడింది వేరే కారణానికి. నా భార్య ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఈ మధ్య సూదిలో దారం ఎక్కించడానికి కిటికీ దగ్గరికి వెళ్తోంది. మొన్న స్కూలు చొక్కాకు జేబు తలకిందులుగా కుట్టింది. నేను చూశానని తెలియక, గుట్టుగా విప్పి మళ్ళీ కుట్టింది. ఆసుపత్రికి వెళ్దామంటే, "ఒక రోజంతా పోతుందండీ, ఈ జాకెట్లు అయ్యాక చూద్దాం" అంటుంది. జాకెట్లు అయిపోయేవి కావు. తనకు భయమని నాకు తెలుసు. నాకూ భయమే. ఆ హాలు మా గుమ్మానికి యాభై అడుగులు, అంత దగ్గరికి డాక్టరు వస్తే తను ఏ సాకూ చెప్పలేదు.

అందుకే నోటీసు మనసు పెట్టి రాశాను. "సేవాతత్పరులైన కాలనీవాసులకు సవినయ మనవి. మానవసేవే మాధవసేవ. రాబోవు ఆదివారం జరుగు నేత్ర శిబిరమునకు అందరూ తరలివచ్చి, కాసేపు తమ అమూల్య సమయమును కేటాయించి, పుణ్యము మూటగట్టుకొన ప్రార్థన." కింద పేర్లు రాయడానికి ఇరవై నాలుగు గీతలు గీసి, తాడుకు పెన్ను కట్టి, హాలు తలుపుకు అంటించాను.

సోమవారం సాయంత్రానికి ఒక పేరు పడింది. అది నాదే. మంగళవారం పొద్దున వెళ్ళి చూస్తే పెన్ను కూడా పోయింది.

వదిన ఇంటికి వెళ్ళి మొర పెట్టుకున్నాను. ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తూ నోటీసు చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివింది.

"ఏమయ్యా మరిదీ, ఈ బస్సు ఎక్కడికి పోతుంది?"

"బస్సేమిటి వదినా?"

"బోర్డు లేదు, టైము లేదు, ఎక్కడ ఆపుతావో చెప్పవు. 'అందరూ ఎక్కండి, పుణ్యం వస్తుంది' అంటున్నావు. ఎవడెక్కుతాడు? ఎక్కడ దిగాలో తెలిస్తేనే మనిషి ఎక్కుతాడు."

"కాసేపు అని రాశానుగా."

ఆ మాట వినగానే వదిన చిక్కుడుకాయ పక్కన పెట్టి నవ్వింది. ఎందుకు నవ్విందో అప్పుడు చెప్పలేదు. "చెప్పులేసుకో, నాలుగిళ్ళు తిరిగొద్దాం. నువ్వు మాట్లాడకు, విను చాలు" అంది.

మొదటి ఇల్లు ఎలక్ట్రీషియన్‌ది. నేను తలుపు కొట్టాను. అతని కూతురు, పదేళ్ళ పిల్ల, కిటికీలోంచి చూసి లోపలికి అరిచింది. "నాన్నా, కాసేపుగారొచ్చారు!"

నాకు అర్థం కాలేదు. కాసేపు ఆగమంటోందేమో అనుకున్నాను. ఎలక్ట్రీషియన్ బయటికి వచ్చి నన్ను, వదినను, తన కూతుర్ని మార్చి మార్చి చూశాడు. నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది అతనికి. వదిన మాత్రం గోడ వైపు తిరిగి నవ్వాపుకుంటోంది. అప్పుడు తెలిసింది. కాలనీలో నా పేరు కాసేపుగారు! ఎన్నాళ్ళ నుంచో తెలియదు. మూడేళ్ళుగా నన్ను చూసి చిరునవ్వుతో నమస్కారం పెడుతున్న ప్రతి మొహమూ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగింది.

"తప్పుగా అనుకోకండి సార్" అన్నాడు ఎలక్ట్రీషియన్. "పోయినేడు పార్కు శుభ్రం చేసిన రోజు గుర్తుందా? 'కాసేపు వచ్చి ఆ వైరు చూసి పోవయ్యా' అన్నారు. పొద్దున తొమ్మిదింటికి వచ్చాను. వైరయ్యాక మైకన్నారు, మైకయ్యాక లైట్లన్నారు. ఎప్పుడు వెళ్ళమంటారని అడిగితే 'ఇంకాసేపు' అన్నారు. ఏడయింది నేను ఇల్లు చేరేసరికి. ఆ రోజు మా పాప పరుగు పందెం. నేను చూడలేదు."

నాకు ఆ వైరు గుర్తుంది, ఆ లైట్లూ గుర్తున్నాయి. అతనికి కూతురున్న సంగతే అప్పుడు నాకు తెలియదు.

"ఈసారి పందెం ఎప్పుడే?" అని వదిన పిల్లను అడిగింది.

"ఆదివారమే. పదకొండింటికి."

వదిన చేతిసంచిలోంచి పాత అట్టపెట్టెను కత్తిరించిన ముక్క ఒకటి తీసింది. దాని మీద పెన్నుతో రాస్తూ పైకి చదివింది. "పని, టోకెన్లు ఇవ్వడం. ఎక్కే టైము ఏడున్నర. దిగే టైము పదిన్నర. శనివారం సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా నర్సమ్మ పని నేర్పుతుంది. మొత్తం నాలుగు గంటలు, ఐదోది అడగం."

"నిజంగా పదిన్నరకు వదిలేస్తారా?" అన్నాడు అతను, నా వంక చూస్తూ.

"ఆయన్ని చూడకు, నన్ను చూడు. దింపేది నేను."

అతను ఇంకా తటపటాయిస్తుంటే వదిన తన మెమో కథ చెప్పింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక ముసలాయన, తన స్టాపు రాగానే లేపమని చెప్పి నిద్రపోయాడట. గుంపులో పడి ఈవిడ మరిచిపోయింది. రెండు స్టాపులు దాటాక గుర్తొచ్చి, బస్సాపించి, ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, ఎదురొచ్చే బస్సు ఎక్కించి వచ్చింది. నిండు బస్సును పదిహేను నిమిషాలు నిలబెట్టినందుకు డిపోలో మెమో ఇచ్చారు. "ఆ మెమో ఇప్పటికీ బీరువాలో ఉంది. ఆ తర్వాత ఒక్కర్ని కూడా స్టాపు దాటించలేదు" అంది.

ఎలక్ట్రీషియన్ టికెట్టు తీసుకున్నాడు. వదిన తన పాత పంచింగు మిషనుతో దానికి టక్కున చిల్లు పెట్టింది. ఆ చప్పుడుకు పిల్ల మురిసిపోయింది.

"మరి నాకేమొస్తుంది?" అని అతను సగం నవ్వుతూ అడిగాడు. నేను పుణ్యం అనబోయాను. వదిన మోచేత్తో పొడిచింది.

"పొద్దున టిఫిను, టీ. శనివారం పని నేర్పాక నీ కళ్ళు కూడా పరీక్ష చేస్తారు, ఆదివారం వరసలో నిలబడక్కర్లేదు. చూపు లేనివాణ్ణి ఎలా నడిపించాలో నేర్చుకుంటావు. ఆసుపత్రి వాళ్ళు పేరు రాసిన కాయితం ఇస్తారు. ఇంతే. ఇంతకంటే ఏమీ రాదు."

రోడ్డు మీదికి వచ్చాక నేను ఉండబట్టలేక అన్నాను. "పుణ్యం సంగతి కూడా చెప్పాల్సింది వదినా."

"ఎంతొస్తుందో నీకు తెలుసా?"

"తెలియదు."

"తెలియనిది రాయకు."

ఆ రెండు రోజులూ నేను ఆవిడ వెనకాల సంచి మోసుకు తిరిగాను. ముప్ఫయ్యేళ్ళ ప్రూఫుల్లో నేర్చుకోనిది అక్కడ నేర్చుకున్నాను. వదిన ఎవరినీ "వస్తారా?" అని అడగలేదు. "రాయడం మీకు హాయా, తిరగడం హాయా?" అని అడిగేది. చేతిరాత బాగున్న పోస్టుమాన్‌కు పేర్లు రాసే బల్ల. పెద్ద గొంతున్న పాలామెకు వరస. నర్సింగులో చేరాలనుకుంటున్న అమ్మాయికి చుక్కల కుర్చీలు. ఆ అమ్మాయికి ఆసుపత్రి కాయితం పనికొస్తుందని కూడా చెప్పింది.

కిరాణా కొట్టాయన "చూద్దాం కండక్టరమ్మా" అన్నాడు. వదిన వెంటనే టికెట్ల కట్ట సంచిలో పెట్టేసింది.

"చూద్దామన్నాడుగా వదినా, రాసుకో."

"చూద్దామంటే రానని. మర్యాదస్థుడు కాబట్టి అలా అన్నాడు."

మంగలాయన మాత్రం "ఆదివారమే నాకు పని, రాలేను" అని మొహం మీదే చెప్పాడు. వదిన అతనికి దణ్ణం పెట్టింది. కాదన్నవాడితో చిక్కు లేదట, వస్తానని రానివాడితోనే చిక్కట. నాకు మాత్రం కాదన్నవాడి మీద కోపమొచ్చింది. నా స్వభావం అంత త్వరగా మారేది కాదు.

గురువారం నాలుగున్నరకు ఇరవై నాలుగో టికెట్టుకు చిల్లు పడింది. వదినకు ఇంకో ముగ్గురు స్పేరు కావాలి. బ్రేక్‌డౌన్ చెప్పి రాదంది. టైము లేదు. ఐదింటికి పది నిమిషాల ముందు నేనే ఫోన్లో జాబితా చదివాను. పేరు, పని, ఎక్కే టైము, దిగే టైము. రెండో పూట వాళ్ళు ఎక్కేది పదింబావుకు, మొదటి పూట వాళ్ళు దిగేది పదిన్నరకు అని చదివాను. "ఆ పావుగంట ఎందుకండీ?" అంది కోఆర్డినేటరు అమ్మాయి. "పని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారడానికి" అన్నాను, అది నా ఆలోచనే అన్నట్టు. "ఇంత స్పష్టంగా ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదండీ" అంది ఆ అమ్మాయి. ఆ పొగడ్త వదినకు అప్పజెప్పేసరికి మర్నాడయింది. ఒక రాత్రి దాచుకున్నానని ఒప్పుకుంటున్నాను.

శనివారం నర్సమ్మ వచ్చి నేర్పింది. చుక్కలు వేశాక దగ్గరివి మసకబారతాయి, వెలుగు గుచ్చుకుంటుంది. అలాంటివాళ్ళ చెయ్యి పట్టి లాగకూడదట. మన మోచెయ్యి వాళ్ళకిచ్చి అర అడుగు ముందు నడవాలట. ఇరవై నలుగురూ జంటలుగా, ఒకరు కళ్ళు మూసుకుని ఇంకొకరి మోచెయ్యి పట్టుకుని హాలు చుట్టూ తిరిగారు. ఎలక్ట్రీషియన్‌కు కళ్ళజోడు రాశారు.

ఆదివారం ఆసుపత్రి వ్యానుకు దారిలో టైరు పంచరైంది. నలభై నిమిషాలు ఆలస్యం. పదింబావుకు చూస్తే వరస హాలు గుమ్మం దాటి, మా ఇల్లు దాటి, మలుపు దాకా ఉంది. రెండో పూట పన్నెండు మందిలో తొమ్మిది మందే వచ్చారు. నా భార్య పేరు అప్పటికే రాసుకున్నారు. అక్షరాల బోర్డు చదివించారు కూడా. కుడి కన్ను మూసినప్పుడు నాలుగు వరసలు చదివింది. ఎడమ కన్ను మూసినప్పుడు పై అక్షరం ఒక్కటే చదివి ఊరుకుంది. నేను దూరం నుంచి చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు చుక్కల కోసం కూర్చుంది.

పదీ ఇరవై ఎనిమిదికి నా చెయ్యి మైకు మీదికి పోయింది. ఇంత గుంపును తొమ్మిది మందితో ఎలా లాగుతాం? నా భార్యను నడిపించేదెవరు? "మొదటి పూట కార్యకర్తలకు మనవి, దయచేసి కా..." అన్నాను. హాలంతా నా వైపు తిరిగింది. ఎలక్ట్రీషియన్ టోకెన్ల కట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అతని మొహం చూశాక ఆ మాట సగంలోనే ఆపేశాను.

ఈల మోగింది. వదిన నా పక్కకు వచ్చి మైకు లాక్కుంది.

"హోల్డాన్! పదిన్నర. మొదటి సర్వీసు వాళ్ళ స్టాపొచ్చింది. చేతిలో పని పక్కవాళ్ళకిచ్చి దిగండి. మీ మేలు మర్చిపోం."

"వదినా, ముగ్గురు తక్కువున్నారు" అన్నాను గుసగుసగా.

"తెలుసు. అది మన లోటు, వాళ్ళది కాదు."

ఎలక్ట్రీషియన్ కట్టను రెండో పూటకు వచ్చిన పోస్టుమాన్ తమ్ముడి చేతిలో పెట్టి పరుగెత్తాడు. మిగతావాళ్ళూ వెళ్ళారు. వదిన ఒక్కరినీ ఆపలేదు, ఆగుతారేమోనని చూడను కూడా లేదు. తనే వరసలోకి దిగి, వయసైనవాళ్ళను ముందుకు తెచ్చి కూర్చోబెట్టింది. నాకు చేతులాడలేదు. ఆవిడ పంతానికి మండిపడ్డానని కూడా చెప్పాలి.

ఐదు నిమిషాలకు పాలామె వెనక్కి వచ్చింది. "కండక్టరమ్మా, ఇంకో టికెట్టు కొట్టు. పన్నెండు దాకా ఉంటా. పన్నెండు దాకానే."

వదిన రాసి, చిల్లు పెట్టి ఇచ్చింది. "పన్నెండు. రైట్ రైట్."

ఆ వెనకే పోస్టుమాన్. అతను పదకొండున్నర దాకా. నర్సింగు అమ్మాయి వాళ్ళమ్మకు చెప్పి వచ్చి, ఒంటిగంటంబావు దాకా ఇమ్మంది. అడిగితే ఒక్కరూ వచ్చేవారు కారు, నాకది తెలుసు. ఆ గుమ్మం దగ్గర నిలబడి, ప్రూఫులు దిద్దినవాణ్ణి, నా జీవితంలో ఎన్ని 'కాసేపు'లు దిద్దకుండా వదిలేశానో అనుకున్నాను.

వదిన నా వైపు వచ్చి ఒక అట్టముక్క చేతిలో పెట్టింది. "ఇదిగో, నీ డ్యూటీ."

చదివాను. పని, చెల్లెల్ని నడిపించడం. ఎక్కే టైము, పదీ యాభై. దిగే టైము దగ్గర ఏమీ లేదు.

"దిగే టైము రాయలేదు వదినా."

"నీది టికెట్టు కాదయ్యా, పాసు."

నా భార్య పక్కన కూర్చున్నాను. అరగంట తర్వాత మోచెయ్యి ఇచ్చి, అర అడుగు ముందు నడుస్తూ డాక్టరమ్మ గదికి తీసుకెళ్ళాను. కుడి కంట్లో శుక్లం, చిన్న ఆపరేషనుతో పోతుంది, అదే రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు, ఎడమ కంటికి అద్దాలు చాలు అంది డాక్టరమ్మ. పది రోజుల తర్వాత తేదీ రాసిచ్చింది. "కుట్టుపని చేసుకోవచ్చా డాక్టరుగారూ?" అని నా భార్య అడిగింది. "కన్ను కుదుటపడ్డాక నిక్షేపంగా" అందావిడ. నాకు ఏడుపొచ్చింది. చుక్కలు వేయించుకున్నది తనైతే, కళ్ళు తుడుచుకున్నది నేను.

మేము బయటికి వచ్చేసరికి ఎలక్ట్రీషియన్ చెమటతో హాల్లోకి వస్తున్నాడు. పక్కన కూతురు, మెడలో రిబ్బను. రెండో స్థానం. "చూశారా నాన్నగారు?" అన్నాను పిల్లతో. "మొదట్నుంచి చివరిదాకా!" అంది. అతను వదిన ముందు చెయ్యి చాచి, "ఒంటిగంటంబావు దాకా ఇవ్వండి" అన్నాడు. టక్కున చిల్లు పడింది.

మా గుమ్మానికి యాభై అడుగులు. ఎండ పడకుండా నా భార్య తలమీద నా తువ్వాలు కప్పాను. నా మోచెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడుస్తూ, "అన్నీ మసగ్గా ఉన్నాయండీ. ఇది ఎంతసేపుంటుంది?" అంది.

"కా..." అని, ఆగి, వాచీ చూసుకున్నాను. "పదీ యాభైకి వేశారు. నాలుగైదు గంటలన్నారు. నాలుగింటికల్లా తేటపడుతుంది. ఒకరిద్దరికి ఇంకా ఆలస్యమవుతుందట."

నా భార్య నడక ఆపేసి, సరిగ్గా కనిపించకపోయినా నా మొహం వైపే చూసి, పగలబడి నవ్వింది. "అక్కా!" అని హాలు వైపు తిరిగి కేకేసింది. "కాసేపుగారు టైము చెప్తున్నారే!"